కెపాసిటర్ 9 వోల్టులకు చేరడం లేదు, సగంలోనే ఆగిపోతోంది. ఎందుకు?

డిప్లొమా విద్యార్థి, హనుమకొండ
9 వోల్టుల బ్యాటరీకి 1 మెగా ఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో కలిపాను. టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లు. 15 సెకన్లకు ఎంత వోల్టేజీ ఉంటుందో ఇలా లెక్క వేశాను:

```
V = 9 × (1 − e^(−15/10)) = 9 × (1 − 0.223) = 6.99
```

అంటే దాదాపు 7 వోల్టులు రావాలి. కెపాసిటర్‌కు మీటర్ పెట్టి చూస్తే 15 సెకన్లకు 4.3 వచ్చింది. నిమిషం దాటినా 4.5 దగ్గరే నిలబడింది. ఎల్లుండి ల్యాబ్ పరీక్ష, టెన్షన్‌గా ఉంది. సూత్రం ఎక్కడైనా తప్పు వాడానా?

మొబైల్ రిపేర్ షాపు, కాజీపేట
సూత్రం సరిగ్గానే ఉంది తమ్మీ. కెపాసిటర్ లీక్ అవుతోంది. వచ్చిన కరెంటు లోపలి నుంచే కారిపోతుంటే వోల్టేజీ పైకి ఎక్కదు. కొత్తది వేసి చూడు.

రైతు, నర్సంపేట
మా బోరు మోటార్ కండెన్సర్ కూడా ఇలాగే ఉందనుకుంటా. మోటార్ గుంయ్ అంటుంది కానీ తిరగదు. ఈ లెక్కతో అది పోయిందో లేదో తెలుస్తుందా అన్నా?

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, వరంగల్
ముందు నర్సంపేట అన్నకు. మీది ఏసీ మీద నడిచే కండెన్సర్, ఈ లెక్క దానికి పనికిరాదు. కరెంటు తీసేసినా అందులో చార్జ్ మిగిలి ఉండొచ్చు, టెర్మినళ్లు చేత్తో ముట్టుకోకండి. దాన్ని మెకానిక్ కెపాసిటెన్స్ మీటర్‌తో చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రశ్నకు. కరెంటు కారుతోందన్న మాట నిజమే, కానీ కారుతున్నది కెపాసిటర్‌లోంచి అనుకోను. బాబూ, నీ మీటర్ పసుపు రంగు చవక రకమా? వాటిలో చాలావాటి లోపలి నిరోధం 1 మెగా ఓమే. నీ రెసిస్టర్ కూడా అంతే. రెండు సమాన నిరోధాలు 9 వోల్టులను చెరి సగం పంచుకుంటాయి. అందుకే 4.5 దగ్గర ఆగింది.

టైమ్ కాన్‌స్టంట్ కూడా మారిపోతుంది. కెపాసిటర్ వైపు నుంచి చూస్తే రెసిస్టర్, మీటర్ సమాంతరంగా ఉన్నట్టే. అవి కలిసి 0.5 మెగా ఓమ్ అవుతాయి, కాబట్టి 10 సెకన్లు కాదు, 5 సెకన్లు.

```
V = 4.5 × (1 − e^(−15/5)) = 4.28
```

నీకు వచ్చిన 4.3 ఇదే.

మొబైల్ రిపేర్ షాపు, కాజీపేట
సార్, లీకైన కెపాసిటర్ ఉన్నా ఇలాగే సగంలో ఆగొచ్చు కదా. తేడా ఎలా తెలుసుకోవాలి?

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, వరంగల్
మంచి ప్రశ్న. మీటర్ తీసేసి నిమిషం పాటు చార్జ్ కానివ్వండి. తర్వాత మీటర్ పెట్టిన క్షణంలో ఏ అంకె వస్తుందో చూడండి. 9కి దగ్గరగా మొదలై మెల్లగా 4.5కి దిగితే కారణం మీటరే. మొదటి అంకే తక్కువగా ఉంటే కెపాసిటర్‌ను అనుమానించాలి.

ల్యాబ్‌కైతే 10 కిలో ఓమ్, 1000 మైక్రోఫారడ్ తీసుకో. టైమ్ కాన్‌స్టంట్ మళ్లీ 10 సెకన్లే, కానీ మీటర్ ప్రభావం సుమారు ఒక శాతానికి తగ్గుతుంది. ఎలక్ట్రోలైటిక్‌కు ప్లస్, మైనస్ తారుమారు చేయకు. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో పూర్తిగా డిశ్చార్జ్ చెయ్యి. కొంచెం చార్జ్ మిగిలినా మొదటి అంకెలన్నీ ఎక్కువ వస్తాయి.

డిప్లొమా విద్యార్థి, హనుమకొండ
పసుపు మీటరే సార్. నిమిషం ఆగి పెడితే 8.8 దగ్గర మొదలై 4.5కి దిగింది. తర్వాత మీరు చెప్పిన విలువలతో చేశాను. చివరికి 8.9 దగ్గర ఆగింది కానీ, 15 సెకన్లకు 7 బదులు 6.6 మాత్రమే వచ్చింది.

మొబైల్ రిపేర్ షాపు, కాజీపేట
ఆ కెపాసిటర్ల మీద 1000 అని రాసి ఉన్నా 20 శాతం అటూ ఇటూ ఉంటుంది. 800 ఉంటే 7.6 రావచ్చు, 1200 ఉంటే 6.4. నీ అంకె అందులోనే ఉంది, అదే రాసెయ్యి.

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, వరంగల్
అది కారణం కావచ్చు. 6.6 ప్రకారం టైమ్ కాన్‌స్టంట్ సుమారు 11 సెకన్లు వస్తుంది. కానీ స్విచ్ వేయకముందే స్టాప్‌వాచ్ నొక్కి ఉన్నా అంకె ఇలాగే తగ్గుతుంది. రెండింటినీ వేరు చేయాలంటే 5 సెకన్లకు ఒకటి, 15 సెకన్లకు ఒకటి రీడింగ్ తీసుకో. 8.9 నుంచి రెండింటినీ తీసెయ్. రెండో తేడా మొదటి దాంట్లో 37 శాతం ఉంటే టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లే, నీ స్టాప్‌వాచ్ ముందు నడిచినట్టు. 40 శాతం దాటితే కెపాసిటర్ పెద్దది. ఈ నిష్పత్తికి నువ్వు ఎప్పుడు మొదలుపెట్టావన్నది అడ్డు రాదు.

డిప్లొమా విద్యార్థి, హనుమకొండ
5 సెకన్లది రాసుకోలేదు సార్. రేపు ల్యాబ్ తెరవగానే తీసి, రెండు అంకెలూ ఇక్కడే పెడతాను.