గోదాములోని బస్తాలను వీడియోలో చూసి ధ్రువీకరించవచ్చా?

మిర్యాలగూడ పద్దులు:
మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు అంతర్గత ఆడిట్‌ను ఈసారి హైదరాబాదు నుంచే పూర్తి చేయమన్నారు. మిల్లువారు స్టాకు రిజిస్టరు స్కాను, పది ఫొటోలు డ్రైవ్‌లో పెట్టారు. రిజిస్టరు ప్రకారం 4వ దొంతరలో 50 కిలోల బియ్యం బస్తాలు 2,400 ఉన్నాయి. వీటిని చూసి సంతకం చేయవచ్చా?

పాలమూరు లెక్క:
తేదీ, సమయం, లొకేషన్ ముద్రపడే కెమెరా యాప్‌తో ఫొటోలు మళ్లీ తెప్పించుకోండి. నేను అంతవరకే చేస్తాను.

పాత ఆడిటర్:
ఆ ముద్ర కొంతవరకే పనికొస్తుంది. ఫోనులో గడియారాన్నీ లొకేషన్‌నూ మార్చవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఏది చూపించాలో ఫొటో తీసేవారే నిర్ణయిస్తారు. అందుకే లైవ్ వీడియో కాల్ పెట్టండి. ముందుగా ఆ రోజు చివరి గేట్ పాస్ నంబరు చూపించమని అడిగి, దాన్ని రాసుకోండి. కాల్‌ను గేటు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా గోదాములోకి నడవమనండి. చూసిన ప్రతి దొంతర మీదా మీరు అప్పటికప్పుడు చెప్పిన మాటను సుద్దతో రాయిస్తే, ఒకే దొంతరను రెండుసార్లు చూపించే వీలుండదు.

పొడవున 16, వెడల్పున 10, ఎత్తున 15 బస్తాలు కనిపిస్తే లెక్క 2,400కు సరిపోతుంది. కానీ లోపల బోలుగా ఉన్నా బయటి వరుసలు అలాగే కనిపిస్తాయి. కాబట్టి మనిషిని పైకి ఎక్కించి, నడిమధ్యన కొన్ని బస్తాలు తీయించి, కింద ఏముందో కెమెరాలో చూడండి.

జడ్చర్ల స్టోర్స్:
నాకు వీడియో ఇంటర్వ్యూలోనే ఇబ్బంది ఎదురైంది. స్టోర్ కీపరు ప్రతి ప్రశ్నకూ పక్కకు చూసి జవాబిస్తుంటే, ఫోనును గది చుట్టూ తిప్పమన్నాను. మేనేజరు అక్కడే కూర్చున్నాడు. మీరు కూడా ముందు ఆ సంగతి చూసుకోండి.

పాత ఆడిటర్:
ప్రశ్న బస్తాల గురించే అయినా, మీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. స్టోర్ కీపరుతో పాటు హమాలీల మేస్త్రీతోనూ విడిగా మాట్లాడండి. హమాలీ కూలి బస్తాకు ఇంత అని ఇస్తారు కనుక, ఆ చెల్లింపు వోచర్లలోని బస్తాల సంఖ్యను స్టాకు రిజిస్టరుతో పోల్చి చూడవచ్చు.

మిర్యాలగూడ పద్దులు:
నిన్న కాల్ పెట్టాను, కానీ నిచ్చెన లేదని పైకి ఎక్కలేదు. ఈరోజు ఆ దొంతర మొత్తం అయిదు లారీల్లో వెళ్లిపోయింది. బయటి ధర్మకాంటా నుంచి చీటీలను నేరుగా తెప్పించుకున్నాను. నికర బరువు మొత్తం 105 టన్నులు, అంటే 2,100 బస్తాలు. 300 బస్తాలు తగ్గాయి. తేమ ఆరిపోవడం వల్ల బరువు తగ్గిందని మిల్లువారు అంటున్నారు.

పాత ఆడిటర్:
తేమ వల్ల బరువు తగ్గినా బస్తాల సంఖ్య తగ్గదు. ఆ అయిదు లారీల లోడింగ్ కూలి ఎన్ని బస్తాలకు ఇచ్చారో చూడండి.

మిర్యాలగూడ పద్దులు:
2,100 బస్తాలకే ఇచ్చారు. దొంతర మొదటి నుంచీ బోలుగా ఉందా, మధ్యలో బస్తాలు తరలిపోయాయా అన్నది ఇంకా తేలలేదు. పాత గేట్ పాస్ పుస్తకాల అసలు ప్రతులను రేపు వీడియోలో ఒక్కొక్క పేజీ తిప్పించి చూస్తాను.