అదే ఈమెయిల్ అయితే పాత ఖాతా తెరవాలా, వద్దా?

కొబ్బరాకు
ఫేస్‌బుక్ ఖాతా డిలీట్ చేసి రెండు నెలలు దాటింది. నేను కథలు రాసే ఒక సైట్‌లో ఆరేళ్ళుగా ఆ ఫేస్‌బుక్ బటన్‌తోనే లాగిన్ అవుతున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. మొన్న అదే జీమెయిల్‌తో కొత్త ఫేస్‌బుక్ ఖాతా తెరిచి బటన్ నొక్కితే "ఈ ఈమెయిల్‌తో ఇప్పటికే ఖాతా ఉంది" అని ఆపేస్తోంది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే మెయిలే రాదు. ఈమెయిల్ నాదే, ఖాతా నాదే. నన్ను లోపలికి రానివ్వాలా వద్దా?

బందరు లడ్డు
రానివ్వాలి. ఇందులో చర్చ ఏముందండీ? డిలీట్ చేశాక 30 రోజుల్లోపు మళ్ళీ లాగిన్ అయి ఉంటే పాత ఫేస్‌బుక్ ఖాతానే తిరిగొచ్చేది, ఆ గడువు మీకు దాటిపోయింది. అయినా ఈమెయిల్ అంటే ఆధార్ నంబరు లాంటిది. ఒకరిది ఇంకొకరికి పోదు. ఈమెయిల్ కలిసిందంటే మనిషి కలిసినట్టే. ఇది సైటు వాళ్ళ బద్ధకం, అంతే.

పాత సర్వర్
ఇంకొకరికి పోదన్నది నిజం కాదు లడ్డు గారూ. 2013లో యాహూ ఏడాదికి పైగా వాడని ఐడీలను అడిగినవాళ్ళకు ఇచ్చేసింది. కొత్తగా తీసుకున్నవాళ్ళకు పాతవాళ్ళ ఉత్తరాలు రావడం మొదలైంది. జీమెయిల్ అలా చేయదు, డిలీటైన అడ్రసు మళ్ళీ ఎవరికీ ఇవ్వదు. కాబట్టి అడ్రసు ఎక్కడిది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

కొబ్బరాకు గారి విషయంలో జరిగింది వేరు. బటన్ నొక్కినప్పుడు ఫేస్‌బుక్ సైటుకు మీ పేరు, ఈమెయిల్‌తో పాటు ఒక పొడుగాటి నంబరు పంపుతుంది. సరిగ్గా కట్టిన సైటు మిమ్మల్ని గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. వాళ్ళ పట్టికలో మీ వరస దాదాపు ఇలా ఉంటుంది:

```
user_id   provider   provider_user_id   password
8812      facebook   (old id)           NULL
```

కొత్త ఫేస్‌బుక్ ఖాతాకు కొత్త నంబరు వచ్చింది. ఈమెయిల్ అదే అయినా నంబరు దృష్టిలో మీరు కొత్త మనిషి. ఇక ఆ చివరి గడి చూడండి. మీరు ఎప్పుడూ పాస్‌వర్డ్ పెట్టుకోలేదు, అందుకే అది ఖాళీ. చాలా సైట్లలో పాస్‌వర్డ్ లేని ఖాతాకు రీసెట్ మెయిల్ పంపరు. "మెయిల్ పంపాం" అని తెర మీద మాత్రం చూపిస్తారు. స్పామ్ ఫోల్డర్ ఎంత వెతికినా దొరకదు.

చికాగో చింతకాయ
నాకూ ఇదే సమస్య! ఇండియా సిమ్ వదిలేశాను, ఇప్పుడు ఓటీపీ ఎవరికో వెళ్తోంది. పాత నంబరు తిరిగి ఎలా తెచ్చుకోవాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాత సర్వర్
అది వేరే సమస్య అండీ. కానీ ఉదాహరణగా బాగా పనికొచ్చింది. మన దగ్గర వదిలేసిన మొబైల్ నంబరు 90 రోజులు ఆగాక కొత్తవాళ్ళకు ఇవ్వొచ్చు. నంబరు కలిసింది కదా అని మీ ఖాతా వాళ్ళకు తెరిస్తే మీరు ఒప్పుకుంటారా?

మాదాపూర్ నైట్ షిఫ్ట్
నాలుగేళ్ళు ఒక సైట్ సపోర్ట్‌లో చేశాను. ఇలాంటి టికెట్లు రెండు రకాలు. డిలీట్ చేసినవాళ్ళవి ఒకటి, సోషల్ ఖాతాలో ఈమెయిల్ మార్చుకున్నవాళ్ళవి ఇంకొకటి. ఈ రెండో రకంలో సైటు నంబరుతో గుర్తుపడితే ఏమీ కాదు, బటన్ మామూలుగానే పనిచేస్తుంది. నోటిఫికేషన్లు మాత్రం పాత అడ్రసుకు పోతూ ఉంటాయి. బటన్ నొక్కాక మీ పాత సామానేమీ లేని ఖాళీ ఖాతా తెరుచుకుందంటే, ఆ సైటు ఈమెయిల్‌తోనే వెతుకుతోందని అర్థం. అప్పుడు కంగారుపడి ఆ ఖాళీ ఖాతాలో ఏదీ రాయకండి, డబ్బు కట్టకండి. సోషల్ ఖాతాలో పాత ఈమెయిల్ మళ్ళీ పెట్టి నొక్కి చూడండి. చాలామందికి పాత ఖాతా అలాగే దొరికింది.

నా ఓటు మాత్రం సైటు ఆపడానికే. ఒక చిన్న ఆఫీసులో అందరూ వాడే ఒకే అకౌంట్స్ మెయిల్‌తో ఒకాయన సోషల్ ఖాతా పెట్టుకుని, దాంతో మా సైట్‌లో చేరాడు. ఉద్యోగం మానేశాడు. తర్వాత వచ్చినాయన అదే మెయిల్‌తో తన సోషల్ ఖాతా తెరిచి, మా బటన్ నొక్కాడు. అప్పట్లో మేము ఈమెయిల్ కలిస్తే చాలనేవాళ్ళం. మొదటాయన సొంత బిల్లులు, ఇంటి అడ్రసు అన్నీ రెండోవాడి ముందు పడ్డాయి. పాపం, అతను కావాలని చేసింది కాదు.

బందరు లడ్డు
సరే, నా ఆధార్ పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్క మాట. పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు అది మర్చిపోతే మెయిల్‌కు లింకు పంపి లోపలికి రానిస్తారా లేదా? అంటే మెయిల్ పెట్టె ఎవరి చేతిలో ఉంటే ఖాతా వాళ్ళదే అని మీరే ఒప్పుకుంటున్నారు. సోషల్ బటన్‌తో వచ్చినవాళ్ళు ఏం పాపం చేశారు? మీ అకౌంట్స్ మెయిల్ కథలో రీసెట్ లింకు పంపినా అదే జరిగేది కదా.

పాత సర్వర్
మంచి దెబ్బే కొట్టారు. అందులో సగం ఒప్పుకుంటాను. ఫేస్‌బుక్ "ఈమె ఈమెయిల్ ఇదీ" అని చెబితే నమ్మి తెరవడం ఒకటి, సైటే ఇప్పుడు ఆ జీమెయిల్‌కు కోడ్ పంపి అడగడం ఇంకొకటి. మొదటిది ఇంకొకరి మాట మీద తలుపు తీయడం. 2023లో మైక్రోసాఫ్ట్ లాగిన్ విషయంలో nOAuth అనే లోపం బయటపడింది. దాడి చేసేవాడు తన సొంత సంస్థ ఖాతాలో ఈమెయిల్ గడిలో ఎవరి అడ్రసైనా రాసుకుని బటన్ నొక్కగలిగేవాడు. ఆ గడిని నమ్మిన సైట్లు అవతలివాళ్ళ ఖాతా తెరిచేశాయి. మెయిల్ పెట్టె ఆ దాడి చేసేవాడి చేతిలో లేకపోయినా సరే.

రెండోది పాస్‌వర్డ్ రీసెట్‌తో సమానమే. అందుకే సైటు కొబ్బరాకు గారిని ఆపడం తప్పు కాదు, ఆపి అక్కడే వదిలేయడం తప్పు. "ఖాతా ఉంది" అన్న ఆ తెర మీదే "ఈ మెయిల్‌కు కోడ్ పంపమంటారా?" అన్న బటన్ ఉండాలి.

మాదాపూర్ నైట్ షిఫ్ట్
కోడ్ ఒక్కటీ చాలదన్నా. డబ్బు కట్టిన ఖాతా అయితే మేము ఇంకో రెండు విషయాలు అడిగేవాళ్ళం, వారం ఆగి మార్చేవాళ్ళం. ఈలోగా ఖాతాలో ఉన్న ఫోనుకు కూడా కబురు పెట్టేవాళ్ళం.

పాత సర్వర్
వారం మరీ ఎక్కువ తమ్ముడూ. పాస్‌వర్డ్ రీసెట్‌కు ఎవరూ వారం ఆపరు.

కొబ్బరాకు
సపోర్ట్‌కు రాశాను. మీరు చెప్పినట్టు "నా ఖాతాకు పాస్‌వర్డ్ లేదు, ఫేస్‌బుక్ ఐడీ పోయింది, నమోదైన మెయిల్‌కు కోడ్ పంపండి" అని నేరుగా పెట్టాను. అంతకుముందు "లాగిన్ అవడం లేదు" అని పెట్టిన రెండు మెయిళ్ళకు కుకీలు క్లియర్ చేయమన్నారు. ఈసారి మాత్రం ఎప్పుడు చేరానో, ఇంకా ప్రచురించని చిత్తు కథల్లో ఒకదాని పేరేమిటో అడిగారు. చిత్తు పేరు గుర్తు తెచ్చుకునేసరికి చచ్చాను. మూడో రోజు కోడ్ వచ్చింది. లోపలికి వెళ్ళగానే మొదట పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. కొత్త ఫేస్‌బుక్ కలపలేదు, కలపను కూడా.

బందరు లడ్డు
సంతోషం అండీ. అయితే అన్నా, మా అమ్మ ఒక సైట్‌లో ఆపిల్ బటన్‌తో, ఈమెయిల్ దాచే పద్ధతిలో చేరింది. సైటు దగ్గర ఉన్నది ఆపిల్ ఇచ్చిన మారు అడ్రసు. రేపు ఆపిల్ ఖాతా తీసేస్తే ఆ కోడ్ ఏ పెట్టెకు వస్తుంది?

పాత సర్వర్
ఏ పెట్టెకూ రాదు. తీసేయకముందే ఈ రాత్రి ఆ సైట్ సెట్టింగ్స్‌లో అమ్మగారి అసలు మెయిల్, పాస్‌వర్డ్ పెట్టించండి.