32 నుంచి 50 శాతానికి: మూడు నెలల లక్ష్యాన్ని వారం పనులుగా విడగొట్టడం ఎలా?

కొత్తబిల్లు
మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న సంస్థ మాది, విజయవాడలో. ఐదుగురం: ఇద్దరు ప్రోగ్రామర్లు, షాపుల నుంచి వచ్చే ఫోన్లు చూసే అబ్బాయి, అమ్మకాలు చూసే ఆయన, నేను. జనవరి–మార్చికి ఒకటే లక్ష్యం: కొత్తగా చేరిన షాపు మొదటి వారంలోనే మా దాంట్లో బిల్లులు కొట్టడం మొదలుపెట్టాలి. చేరిన 7 రోజుల్లో కనీసం 10 బిల్లులు కొట్టిన షాపులు ఇప్పుడు 32 శాతం. మార్చి ఆఖరుకు 50 కావాలి. వారానికి సుమారు 25 షాపులు చేరతాయి. దీన్ని ప్రతి సోమవారం ఐదుగురికీ పంచగల పనులుగా ఎలా మార్చాలి? గత మూడు నెలలూ మా పట్టికలో అన్నీ 'పూర్తయింది' అని పచ్చగానే ఉన్నాయి, అంకె మాత్రం కదలలేదు.

నిక్కచ్చి
ఇందులో తల పట్టుకోవలసింది ఏమీ లేదు. పెరగాల్సింది 18 శాతం, ఉన్నవి 13 వారాలు, అంటే వారానికి 1.4. మొదటి వారం 33.4, రెండో వారం 34.8, ఇలా మార్చి ఆఖరు దాకా రాసేయండి. పక్కన ఒక మనిషి పేరు పెట్టండి. శుక్రవారం సాయంత్రం ఆ అంకె వచ్చిందా, రాలేదా? అంతే. మా దగ్గర ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

షీట్లరాజు
ఎక్సెల్‌లో పెట్టుకున్నారా, వేరే ఏదైనా వాడుతున్నారా? ఎక్సెల్ అయితే సమస్య అక్కడే ఉంది. ఫైలు ఒకరి కంప్యూటర్‌లోనే ఉంటే అందరూ ఒకేసారి తెరవలేరు.

కొత్తబిల్లు
గోడ మీద తెల్లబోర్డు అండీ. అందరికీ కనిపిస్తుంది. సమస్య అది కాదు.

మెట్లెక్కుతూ
నిక్కచ్చి గారూ, వారానికి 25 షాపుల మీద 1.4 శాతం అంటే ఒక షాపులో మూడో వంతు. ఆ మూడో వంతు షాపును శుక్రవారం సాయంత్రం ఎవరు తెచ్చి చూపిస్తారు? పైగా ఇంత చిన్న సంఖ్యలో ఒక వారం 6 షాపులు నిలవడం, మరో వారం 10 నిలవడం మామూలే. ఎవరూ ఏమీ చేయకపోయినా జరుగుతుంది. 10 వచ్చిన వారం మిఠాయి పంచుకుని, 6 వచ్చిన వారం ఫోన్లు చూసే అబ్బాయిని నిలదీస్తారు. రెండూ తప్పే. ఈ అంకెను నాలుగు వారాలు కలిపి, అంటే వంద షాపుల మీద చూడాలి.

కొత్తబిల్లు గారూ, ఒక్క వివరం చెప్పండి. పోయిన నాలుగు వారాల్లో చేరిన వంద షాపుల్లో ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోయారు? యాప్ పెట్టుకోవడం, షాపు వివరాలు నింపడం, షాపులో ఉన్న సరుకును యాప్‌లో ఎక్కించడం, మొదటి బిల్లు, పదో బిల్లు. ఈ లెక్క లేకుండా సోమవారం పని రాయలేం.

పాతకాపు
ఒక మాట. లక్ష్యం ఒకటి పెట్టుకుని, దాన్ని అంకెతో కొలిచే ఈ ఓకేఆర్ పద్ధతిని చిప్‌ల కంపెనీ ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ నడిపించారు, 1999లో పెట్టుబడిదారు జాన్ డోర్ గూగుల్‌కు తీసుకెళ్లారు. అక్కడ లక్ష్యంలో 0.7 వంతు వస్తే బాగా చేసినట్టే లెక్క. కాబట్టి మీకు నిజంగా 50 అక్కర్లేదు, 44 లేదా 45 వస్తే చాలు.

నిక్కచ్చి
వద్దండీ, ఆ 0.7 మాట చెబితే మనవాళ్లు మొదటి రోజే 0.7కు స్థిరపడతారు. తర్వాత వచ్చేది 0.5.

పాతకాపు
మరీ అందుకునేంత దగ్గరగా లక్ష్యం పెట్టకూడదనే కదా ఆ 0.7 ఉద్దేశం! మీరు తలకిందులుగా చదువుతున్నారు.

కొత్తబిల్లు
0.7 సంగతి తర్వాత చూద్దాం. నిన్న రాత్రి కూర్చుని లెక్క తీశాను. పోయిన నాలుగు వారాల్లో యాప్ పెట్టుకున్నవి 100. షాపు వివరాలు నింపినవి 88. సరుకు ఎక్కించినవి 45. మొదటి బిల్లు కొట్టినవి 38. వారంలో పది బిల్లులు దాటినవి 32.

మెట్లెక్కుతూ
మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. 88 నుంచి 45కు. సరుకు ఎక్కించే దగ్గరే 43 షాపులు ఆగిపోయాయి, మిగతా మెట్ల దగ్గర జారినవి తక్కువ. ఆ 43లో సగం నిలిపితే సరుకు ఎక్కించినవాళ్లు 67 అవుతారు. ఇప్పుడు ఆ మెట్టు దాటినవాళ్లలో 71 శాతం పది బిల్లుల దాకా వెళుతున్నారు. అదే నిష్పత్తి నిలిస్తే 48 వస్తుంది. కష్టం మీద దాటించినవాళ్లు అంత గట్టిగా నిలవకపోవచ్చు కాబట్టి 45 అనుకోండి. అయినా ఈ మూడు నెలలకు ఒక్క మెట్టు చాలు.

గత మూడు నెలల పట్టిక ఎందుకు పచ్చగా ఉందో కూడా ఊహించగలను. 'సరుకు ఎంట్రీ మెరుగుపరచడం' లాంటి పనులు రాసి ఉంటారు. అది ఎప్పుడైనా పూర్తయిందని అనుకోవచ్చు. ఇలా రాసి చూడండి: 'ఈ వారం సరుకు దగ్గర ఆగిపోయిన 10 షాపులకు ఫోన్ చేసి, ఎక్కడ విసిగారో వాళ్ల మాటల్లోనే ఒక్కో కాగితం మీద రాసి బోర్డుకు అంటించాలి.' శుక్రవారం పది కాగితాలు ఉంటాయి లేదా ఉండవు. వచ్చే వారం పని ఆ కాగితాల నుంచి పుడుతుంది. అందుకే ఇప్పుడే 13 వారాల పనులూ రాయకండి. రెండు వారాలకు మించి రాస్తే అది కథే.

నిక్కచ్చి
అంటే ఫోన్లు చేస్తే చాలా? అంకెకు బాధ్యత ఎవరిది? పది ఫోన్లు చేశాను, పని పూర్తయింది, అంకె కదలకపోతే నాకేమిటి అంటాడు. ఆయన అడిగిన జబ్బే అది, మీరు అదే మందు ఇస్తున్నారు.

మెట్లెక్కుతూ
ఇది మంచి అభ్యంతరం. అందుకే బోర్డు మీద రెండు వరసలు ఉండాలి. పైన నాలుగు వారాల అంకె, కింద ఈ వారం పనులు. పనులు మూడు వారాలు పూర్తవుతూ, సరుకు మెట్టు దాటే షాపులు పెరగకపోతే తప్పు మనిషిది కాదు, మన ఊహది. నాలుగో సోమవారం ఆ దారి వదిలేయాలి. మీ భాగహారం కూడా కొన్ని చోట్ల పనికొస్తుంది. 130 షాపులకు స్వయంగా వెళ్లాలి అనేది లక్ష్యమైతే వారానికి పది అని నిశ్చింతగా రాయవచ్చు. పోగయ్యే లెక్క పంచుకుంటే సాగుతుంది, శాతం సాగదు.

ఇంకో సంగతి, 13 వారాలు అనే లెక్కే తప్పు. పదమూడో వారంలో చేరిన షాపుకు ఏడు రోజులు నిండేసరికి ఏప్రిల్ వచ్చేస్తుంది. కాబట్టి లెక్కకు వచ్చే ఆఖరి జట్టు 12వ వారానిది. నాలుగు వారాలు కలిపి చూస్తే 9 నుంచి 12 దాకా చేరినవాళ్లు. మీరు చేసే మార్పు 8వ వారం ముగిసేలోగా షాపుల చేతికి అందకపోతే మార్చి అంకెలో పూర్తిగా కనిపించదు. అందులో సంక్రాంతి వారం తీసేయండి. మిగిలింది ఏడు.

కొత్తబిల్లు
ఏడు! ఇది మాలో ఎవరికీ తట్టలేదు. పోయినసారి పెద్ద మార్పు పదో వారంలో విడుదల చేసి, అంకె ఎందుకు కదలలేదా అని కూర్చున్నాం.

ఎర్రపెన్ను
నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట ఇలాగే వారం పట్టిక ఉండేది. మొదటి మూడు నెలలు నిజాయితీగా రాశాం. తర్వాత జీతం పెంపు సమయంలో మా పై అధికారి ఆ పట్టికే తీసి, 'నీవి నాలుగు ఎరుపులు' అన్నారు. ఆ నాలుగూ నేను కష్టమైన పనులు తీసుకున్నందుకే వచ్చాయి. తర్వాతి సోమవారం నుంచి అందరం అరగంటలో అయ్యే పనులు రాయడం మొదలుపెట్టాం. అంతా పచ్చదనమే.

నిక్కచ్చి
పని చేయనివాళ్లందరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

ఎర్రపెన్ను
నేను పని చేయలేదని మీకెవరు చెప్పారు? మనిషి పక్కన అంకె పెట్టి శుక్రవారం నిలదీయడం తప్ప మీకు ఇంకో పద్ధతి తెలియదు. మీ దగ్గర ఆరేళ్లలో ఎంతమంది మిగిలారు?

పాతకాపు
శాంతించండి ఇద్దరూ. 0.7 గురించి నేను చెప్పింది ఎవరూ...

నిక్కచ్చి
సరే, మాట జారాను. కానీ నా వైపు కూడా వినండి. రెండేళ్ల క్రితం నా బృందం పది వారాలపాటు 'జరుగుతోంది, నేర్చుకుంటున్నాం' అంది. నేను నమ్మాను. పదకొండో వారంలో యజమాని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. ఇద్దరిని పంపేయమన్నారు, నేనే పిలిచి చెప్పాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నా చేతిలో ఒక అంకె ఉండాలి. తప్పు అంకె అయినా సరే, ఉండాలి.

మెట్లెక్కుతూ
ఇప్పటిదాకా మనం భాగహారం గురించి కొట్టుకున్నాం, అసలు తగువు అది కాదన్నమాట. మీ పట్టిక యజమానికి చూపించడానికి. ఎర్రపెన్ను గారు అడిగేది పని చేసేవాళ్లు చూసుకునే పట్టిక. రెండూ ఒకే బోర్డు మీద పెడితే రెండోది అబద్ధమైపోతుంది. యజమానికి నాలుగు వారాల అంకె, సరుకు మెట్టు అంకె, ఈ రెండూ వారం వారం పంపండి. ఎవరి పని ఎరుపు అన్నది గోడ దాటకూడదు.

నిక్కచ్చి
మీ యజమాని గోడ దగ్గరికి రాడేమో. మా యజమాని రోజూ వస్తారు.

ఎర్రపెన్ను
ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు.

కొత్తబిల్లు
మా యజమాని నేనే, అదొక్కటి నయం. మొదటి వారం ఏం జరిగిందో చెబుతాను. పది ఫోన్లు అనుకున్నాం, ఆరు అయ్యాయి. ఒకటి ఎరుపే, రాశాం. తెనాలిలో ఒక షాపుకు నేనే వెళ్లాను. పెద్దాయన మందు అట్టను ట్యూబులైటు కిందకు ఎత్తి పట్టుకుని, రేకు మీద నొక్కిన బ్యాచ్ నంబరూ గడువు తేదీ చదువుతూ ఒక్కో అక్షరం కొడుతున్నారు. 40 మందులు ఎక్కించి ఆపేశారు. షాపులో రెండు వేలకు పైగా ఉన్నాయి. అదే బ్యాచ్ నంబరు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన బిల్లులో అచ్చయి, బల్ల మీదే గుచ్చి ఉంది.

మా ప్రోగ్రామర్లు అప్పటిదాకా ఎంట్రీ తెర రంగులు మారుస్తున్నారు. ఈ సోమవారం బోర్డు మీద రెండే పనులు: డిస్ట్రిబ్యూటర్ ఎక్సెల్ ఫైలు నుంచి సరుకు నేరుగా ఎక్కించే పద్ధతిని మూడు షాపుల్లో పెట్టి చూడడం, ఎక్కువగా అమ్ముడయ్యే వంద మందులతోనే బిల్లింగ్ మొదలుపెట్టమని ఐదు కొత్త షాపులకు చెప్పి చూడడం.

షీట్లరాజు
డిస్ట్రిబ్యూటర్లందరి ఎక్సెల్ ఒకే తీరులో ఉండదు. ఒకరి దగ్గర గడువు తేదీ నెల ముందు, ఒకరి దగ్గర ఏడాది ముందు. మూడు షాపులకు ముగ్గురు వేర్వేరు డిస్ట్రిబ్యూటర్లు ఉండేలా ఎంచుకోండి.

మెట్లెక్కుతూ
ఇది బోర్డు మీదకు ఎక్కించండి. నిజమే.

కొత్తబిల్లు
ఎక్కించాను. ఒకటి మాత్రం తేలలేదు. ఆ షాపులకు వెళ్లాల్సింది ఫోన్లు చూసే అబ్బాయి. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ఫోను మోగుతూనే ఉంటుంది. పోయిన వారం నాలుగు ఫోన్లు మిగిలిపోయింది కూడా అందుకే. అతను వెళితే ఇక్కడ ఎవరు ఎత్తాలి?

నిక్కచ్చి
అమ్మకాలు చూసే ఆయన్ను కూర్చోబెట్టండి. ఉన్న షాపులే నిలవనప్పుడు కొత్తవి ఎందుకు?

కొత్తబిల్లు
ఆయనకు కమిషన్ షాపుకు ఇంత అని అండీ.

నిక్కచ్చి
ఆ కమిషన్ పది బిల్లులు దాటిన షాపుకే ఇస్తానని చెప్పి చూడండి. రేపు ఉదయం ఫోను ఆయనే ఎత్తుతాడు.

ఎర్రపెన్ను
లేదా రాజీనామా ఇస్తాడు.