ఎస్‌ప్రెస్సో కుడి పక్క నుంచి చిమ్ముతోంది, ఎంత సన్నగా గ్రైండ్ చేసినా ఆగట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కూకట్‌పల్లి కాఫీ
పొద్దున ఆరింటికి మొదలుపెట్టా, ఇప్పుడు పదకొండవుతోంది, తొమ్మిది షాట్లు సింక్‌లో పోసేశాను. పోయిన వారం అడుగు లేని పోర్టాఫిల్టర్ కొన్నా, కింద నుంచి ఎలా దిగుతుందో కనిపిస్తుందని. కనిపిస్తోంది గానీ సన్నటి ధార ఒకటి సూటిగా నా చొక్కా మీదకి చిమ్ముతోంది, గోడంతా మరకలు. త్వరగా దిగిపోతోందని గ్రైండ్ సన్నం చేశా, ఇంకా సన్నం చేశా, ఇప్పుడు మొదట చుక్కలు చుక్కలుగా పడి తర్వాత ఒక్కసారిగా చిమ్ముతోంది. రుచి చూస్తే నాలుక మీద పులుపు, మింగాక చేదు, రెండూ ఒకే కప్పులో ఎలా వస్తాయో అర్థం కావట్లేదు. గింజలు అరకువే, తాజావే, మామూలుగానే అదుముతున్నా. మెషిన్ పాడైందా?

రెండు గుక్కలు
డోస్ ఎంత, బాస్కెట్ ఎంత, ఎన్ని సెకన్లు. అవి లేకుండా అడిగితే ఎవరం చెప్పలేం.

మంజీరా నీళ్ళు
ముందు నీళ్ళు ఏం పోస్తున్నారో చెప్పండి. మన హైదరాబాద్‌లో సగం అపార్ట్‌మెంట్లకి బోరు నీళ్ళే, వాటిలో సున్నం ఎక్కువ, అది బాయిలర్‌లో పేరుకుంటుంది, పైన జల్లు పడే జల్లెడ బెజ్జాల్లో కూడా పట్టేస్తుంది. అలాగని ఉత్త ఆర్వో నీళ్ళు పోసినా కాఫీ చప్పగా వస్తుంది. నేను ఆర్వోలో కొంచెం మామూలు నీళ్ళు కలిపి వాడుతున్నా, రెండేళ్ళుగా మెషిన్ జోలికెళ్ళాల్సిన పని పడలేదు. ఎవరూ నీళ్ళ గురించి పట్టించుకోరు, అందరూ గ్రైండర్ మీద పడతారు.

కూకట్‌పల్లి కాఫీ
నీళ్ళు బాటిల్‌వే అండీ, మెషిన్‌కి మూడు నెలలు కూడా నిండలేదు. 18 గ్రాములు, 58 మిల్లీమీటర్ల బాస్కెట్. మొదటి షాట్ 14 సెకన్లలో 36 గ్రాములు దిగిపోయింది. సన్నం చేసుకుంటూ పోతే చివరిది 38 సెకన్లు పట్టింది, అయినా చిమ్మడం ఆగలేదు. అందుకే పిచ్చెక్కుతోంది, టైమ్ పెరిగితే బాగవ్వాలి కదా?

గింజల మావయ్య
తమ్ముడూ, మెషిన్‌కి ఏమీ కాలేదు. నీ పొడి బిళ్ళకి గండి పడుతోంది, దాన్నే చానెలింగ్ అంటారు.

మడికి నీళ్ళు కట్టడం చూసుంటే వెంటనే అర్థమవుతుంది. మడి చదునుగా లేకపోతే నీళ్ళన్నీ పల్లానికే పోతాయి, గట్టులో ఎక్కడో ఎండ్రకాయ బొరియ ఉంటే ఆ బొరియలోంచే పోయి దాన్ని ఇంకా పెద్దది చేస్తాయి. ఇక్కడ నీళ్ళని 9 బార్ల ప్రెషర్‌తో తోస్తున్నాం, పొడిలో ఎక్కడ వదులుగా ఉందో ఒక్క సెకనులో వెతుక్కుంటాయి. ఆ దారిలో ఉన్న పొడిలోంచి ఉన్నదంతా లాగేస్తాయి, అది చేదు. మిగతా పొడి సరిగా తడవను కూడా తడవదు, అది పులుపు. నీ కప్పులో రెండూ కలిసి రావడానికి కారణం అదే.

ఇక సన్నం చేయడం. 14 సెకన్లలో దిగింది పొడి లావుగా ఉండి కాదు, గండి పడి. నువ్వు లావు అనుకుని సన్నం చేశావు. పొడి సన్నబడే కొద్దీ నీళ్ళకి అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగే కొద్దీ ఎక్కడ చిన్న బలహీనం ఉన్నా నీళ్ళు అక్కడే బద్దలు కొట్టుకుని పోతాయి. మొదట చుక్కలు, తర్వాత ఒక్కసారిగా చిమ్మడం అన్నావే, ఆ చిమ్మిన క్షణమే గండి పడిన క్షణం. 38 సెకన్లు అన్న అంకె చూసి మోసపోకు, అందులో సగం టైమ్ నీళ్ళు దిగకుండా ఆగినదే.

పదిహేను కేజీలు
బ్రో సింపుల్, నువ్వు గట్టిగా అదమట్లేదు. 15 కేజీల బలం పెట్టాలి. బాత్రూమ్ వెయిట్ మెషిన్ మీద పోర్టాఫిల్టర్ పెట్టి ప్రాక్టీస్ చెయ్, నేను నెల రోజులు అలాగే చేశా, అప్పట్నుంచి నాకు ఒక్క షాట్ కూడా చిమ్మలేదు.

గింజల మావయ్య
ప్రాక్టీస్ మంచిదే, కానీ దాని వల్ల నీకు వచ్చింది బలం కాదు, ప్రతిసారీ ఒకేలా, అడ్డంగా వంగకుండా అదమడం వచ్చింది. పొడిలో గాలి సందులు మూసుకునేదాకా అదమాలి, అక్కడ చేతికి గట్టిగా తగులుతుంది, ఆ తర్వాత ఇంకెంత తోసినా పెద్దగా దిగదు. లెక్క వేసి చూడు, 58 బాస్కెట్ వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్ల పైన, దాని మీద 9 బార్లంటే దాదాపు 240 కేజీలు. మెషిన్ అంత తోస్తుంటే నువ్వు 10 పెట్టావా 15 పెట్టావా అన్నది ఏపాటి? వంకరగా అదిమితే మాత్రం ఒక పక్క పొడి పల్చగా, ఇంకో పక్క మందంగా ఉంటుంది, నీళ్ళు పల్చటి పక్కే దిగుతాయి.

పదిహేను కేజీలు
అది నీళ్ళ ప్రెషర్ అండీ, పొడిలోంచి వెళ్ళిపోతుంది, చేత్తో అదమడం వేరు. రెండూ ఎలా పోలుస్తారు? మెల్లగా అదిమితే నాది చిమ్మింది, గట్టిగా అదిమితే ఆగింది, నా కళ్ళతో చూసిందే చెప్తున్నా.

రెండు గుక్కలు
మరీ మెల్లగా అదిమితే చిమ్ముతుంది. అది ఎవరూ కాదనలేదు.

పదహారణాల తెలుగు
గండి అనకండి, గండి అంటే కట్ట మొత్తం తెగినట్టు, ఊరు మునుగుతుంది. ఇది కాలువ. చానెల్ అంటే కాలువే కదా, కాలువ కట్టడం అనొచ్చు. అలాగే పక్‌ని బిళ్ళ అంటున్నారు, అది పిప్పి.

గింజల మావయ్య
కాలువ మనం తవ్వితే వస్తుంది, ఇది తనంతట తెగేది, అందుకే గండి అన్నాను. నీళ్ళు దిగకముందు బిళ్ళ, దిగాక పిప్పి.

పదహారణాల తెలుగు
బిళ్ళ సరే. గండి మాత్రం ఒప్పుకోను.

డికాక్షన్ లక్ష్మి
మాకూ ఇదే బాధ అండీ, నిన్నటి నుంచి ఫిల్టర్‌లో డికాక్షన్ దిగట్లేదు, పొద్దున్నే అందరూ కాఫీ కోసం కూర్చున్నారు. కొత్త పొడి తెచ్చాం, చికోరీ 30 శాతం, పైన రేకుతో బాగా గట్టిగా నొక్కి పోశా. మీరు చెప్పిన సూదితో కెలకడం దీనికి పనికొస్తుందా?

గింజల మావయ్య
నేనింకా సూది మాట చెప్పలేదమ్మా, చెప్పబోతున్నా. మీది వేరే సంగతి. ఫిల్టర్‌లో ప్రెషర్ లేదు, నీళ్ళు వాటి బరువుకి అవే దిగాలి, గట్టిగా నొక్కితే దారి మూసుకుపోతుంది, పైగా చికోరీ తడిస్తే జిగటగా అవుతుంది. రేకు ఊరికే ఆనించి వదిలేయండి.

తమ్ముడూ నువ్వు చెప్పు. గ్రైండర్‌లోంచి పొడి పడ్డ దగ్గర్నుంచి పోర్టాఫిల్టర్ మెషిన్‌కి తగిలించేదాకా ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా రాయి. చిమ్మడం ప్రతిసారీ ఒకే పక్కా, మారుతోందా అది కూడా.

కూకట్‌పల్లి కాఫీ
ఎప్పుడూ కుడి అంచు నుంచే, అప్పుడప్పుడు మధ్యలో కూడా ఒకటి. పొడి నేరుగా బాస్కెట్‌లో పడుతుంది, గుట్టలా ఉంటుంది, పైన తిప్పే గుండ్రటి లెవెలర్ ఉంది దాంతో నున్నగా చేస్తా, అదుముతా, అంచుకి అంటుకున్న పొడి పడిపోవడానికి టాంపర్ పిడితో పక్కన టక్ టక్ అని రెండుసార్లు కొడతా, మళ్ళీ ఒకసారి పైపైన అదిమి తగిలిస్తా. అందరూ చేసేదే కదా అని రాయలేదు. ఇదివరకు మెషిన్‌తో వచ్చిన బాస్కెట్‌లో, అడుగున ఒక్క బెజ్జమే ఉండేది, దాంట్లో ఇలాగే చేసేవాణ్ణి, ఎప్పుడూ చిమ్మలేదు, పైన క్రీమా కూడా మందంగా వచ్చేది.

రెండు గుక్కలు
ఆ టక్ టక్. అదే.

గింజల మావయ్య
అవును, కుడి చేత్తో కొడుతున్నావు, కుడి పక్కే తగులుతోంది, కుడి అంచు నుంచే చిమ్ముతోంది. అదిమాక బిళ్ళ బాస్కెట్ గోడకి అంటుకుని ఒకటే ముక్కలా ఉంటుంది. పక్క నుంచి కొడితే గోడకీ బిళ్ళకీ మధ్య వెంట్రుకంత సందు వస్తుంది, కంటికి కనిపించదు, నీళ్ళకి కనిపిస్తుంది. మళ్ళీ పైపైన అదిమితే ఆ సందు అతకదు. అంచు మీది పొడి కావాలంటే వేలితో తుడిచెయ్.

పాత బాస్కెట్‌లో ఎందుకు రాలేదంటే, అక్కడ ప్రెషర్ పుట్టించేది పొడి కాదు, ఆ ఒక్క బెజ్జం. పొడి ఎలా పోసినా అది సర్దేసేది, క్రీమా కూడా దాని వల్లే. గండ్లు అప్పుడూ పడి ఉంటాయి, నీకు కనిపించలేదంతే.

ఇక మధ్యలో చిమ్మేది. నీ లెవెలర్ పైన అర సెంటీమీటరు నున్నగా చేస్తుంది, కింద ఉండలు ఉండలుగానే ఉంటాయి. సన్నగా గ్రైండ్ చేస్తే పొడి ఉండలు కడుతుంది, ఉండ ఉన్న చోట గట్టిగా, ఉండకీ ఉండకీ మధ్య వదులుగా. దీనికే 2005లో జాన్ వైస్ అనే ఆయన సూదితో కెలికే పద్ధతి రాశాడు, ఇప్పుడు డబ్ల్యూడీటీ అంటున్నది అదే. ఆయన పెరుగు డబ్బా అడుగు కోసి గరాటులా పెట్టుకున్నాడు, నువ్వూ అలాంటిదేదో పెట్టుకో పొడి బయట పడకుండా. సూదులు 0.3, 0.4 మిల్లీమీటర్ల లావు ఉంటే చాలు, నాలుగైదు బిరడాకి గుచ్చుకో. టూత్‌పిక్ వద్దు, అది పొడిని దున్ని చాళ్ళు చేస్తుంది. సూది మొన బాస్కెట్ అడుగుకి తగిలేలా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కొంచెం కొంచెంగా పైకి రా. తర్వాత నిట్టనిలువుగా బల్ల మీద ఒక్కసారి మెల్లగా తట్టు, అదమక ముందు తట్టొచ్చు. అదిమేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ టాంపర్ అంచుకీ బాస్కెట్ అంచుకీ ఆనించి ఉంచు, చుట్టూ ఎత్తు ఒకేలా ఉందో లేదో వేళ్ళే చెప్తాయి. ఒక్కసారే అదుము.

గ్రైండ్ మాత్రం 38 సెకన్ల దగ్గర ఉంచకు, గండ్లు ఆగితే అది అసలు దిగదు. మొదటి షాట్ దగ్గరకి వెళ్ళి అక్కణ్ణుంచి చూడు.

మంజీరా నీళ్ళు
పైన జల్లెడ కూడా ఒకసారి విప్పి చూడండి, కొన్ని బెజ్జాలు మూసుకుపోతే నీళ్ళు ఒక పక్కే పడతాయి. మూడు నెలలే అయినా సరే.

గింజల మావయ్య
ఇది నిజమే. పోర్టాఫిల్టర్ తీసేసి నీళ్ళు వదిలితే జల్లు సమంగా పడుతుందో లేదో కనిపిస్తుంది.

కూకట్‌పల్లి కాఫీ
జల్లు సమంగానే పడుతోంది. అంత సన్న సూదులు లేవు, ఇంట్లో కుట్టు సూదులు మూడు బిరడాకి గుచ్చా. మొదటి షాట్ సెట్టింగే పెట్టి, కెలికి, తట్టకుండా చేస్తే 22 సెకన్లు, కుడి పక్క అసలు చిమ్మలేదు!! అదే గ్రైండ్ పొద్దున 14 సెకన్లు. రెండో దానికి ఒక్క మెట్టు సన్నం చేస్తే 27 సెకన్లలో 36 గ్రాములు, ధార మధ్యలో ఒకటిగా కలిసి దిగింది. చేదు పోయింది, పులుపు కొంచెం ఉంది కానీ నిమ్మకాయలా కాదు, కమలాపండులా. చివర్లో మాత్రం ఎడమ పక్క ఒక చిన్న చోట ముందే తెల్లబడింది, అదేంటి?

గింజల మావయ్య
అక్కడ ఇంకా కొంచెం వదులుగా ఉంది. కుట్టు సూదులు లావెక్కువ, అవి కావచ్చు, లేదా ఎడమ పక్క కొంచెం వంగి అదుముతున్నావు. రేపు పోర్టాఫిల్టర్ అటు తిప్పి పట్టుకుని అదిమి చూడు, తెల్లబడే చోటు కూడా అటు మారితే నీ చెయ్యి, మారకపోతే వేరేది.

పదిహేను కేజీలు
15 కేజీలతో అదిమి కూడా చూసి చెప్పు బ్రో.

డికాక్షన్ లక్ష్మి
రేకు నొక్కకుండా పోశా, దిగింది అండీ, కానీ పల్చగా ఉంది. పొడి ఇంకో చెంచా వేయాలా?

కూకట్‌పల్లి కాఫీ
రేపు చూస్తా, గింజలు అయిపోవచ్చాయి. థాంక్స్ మావయ్యా.