చేతులు కడుక్కోవడంపై పరిశోధన: సర్వేనా, పరిశీలనా?

అంశం ఖరారైంది: వార్డులో నర్సులు రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకుంటున్నారా, లేకపోతే ఎందుకు? పద్ధతి దగ్గరే చిక్కు.

నిజానికి ఇవి రెండు ప్రశ్నలు. 'ఎంత తరచుగా' అన్నదానికి సర్వే పనికిరాదు. అడిగితే చాలామంది చేసినదానికన్నా ఎక్కువే చెబుతారు. అందుకే పరిశీలన అనుకుంటున్నాను: రోగిని తాకబోయే ప్రతి సందర్భాన్నీ ఒక అవకాశంగా లెక్కించి, కడిగారా లేదా అని గుర్తు పెట్టడం. 'ఎందుకు' అన్నది తర్వాత ఇంటర్వ్యూల్లో. సబ్బు అందుబాటు మార్చి చూసే ప్రయోగం ఇప్పుడే తొందరపాటు, కారణమే తెలియదు కదా!

రెండు సందేహాలు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే కడగడం పెరుగుతుంది. మొదటి కొన్ని రోజుల లెక్క పక్కన పెడితే సరిపోతుందా, లేక సబ్బు వాడకాన్ని కొలిచి సరిపోల్చాలా?

రెండోది, 95 శాతం విశ్వాసంతో 5 శాతం అటూ ఇటూ అంచనాకు 385 అవకాశాలు కావాలి. కానీ ఉన్నది 12 మంది నర్సులే. ఒకే మనిషి అలవాటు పదేపదే లెక్కలోకి వస్తుంది కనుక అవి 385 స్వతంత్ర కొలతలు కావు. ఇలాంటప్పుడు అవకాశాలు పెంచాలా, ఇంకో వార్డు కలపాలా? చేసినవాళ్లు చెప్పగలరా?