పచ్చళ్ళ ఆర్డర్లు: రెడీమేడ్ స్టోరా, సొంతంగా రాయించుకోవాలా?

పచ్చళ్ళ_ఇల్లు: పొద్దున్నుంచీ మా ఆన్‌లైన్ స్టోర్‌తోనే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. ఇంట్లో సరుకు ఉన్నా అది "స్టాక్ లేదు" అంటోంది. ఇదంతా తీసేసి సొంత సాఫ్ట్‌వేర్ రాయించుకోవడమే మేలంటారా?

కొరియర్_కబుర్లు: ముందు డబ్బా కొలత చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువుకన్నా ఎక్కువైతే, చాలా కొరియర్లు దానికే డబ్బు తీసుకుంటాయి. 30×20×20 పెట్టెలో ఒక్క కిలో సీసా పంపినా 2.4 కిలోల ఛార్జీ పడుతుంది.

పాత_కోడర్: ఆవిడ అడిగింది అది కాదు. సరుకేంటి? ఎన్ని సైజులు?

పచ్చళ్ళ_ఇల్లు: ఆవకాయండీ. పావు, అర, కిలో. ఒకే జాడీలోంచి ఆర్డరును బట్టి నింపుతాం. 20 కిలోల్ని కిలోవి 10, అరవి 10, పావువి 20 అని పెట్టాను. కిలోవి అయిపోయాయి, మిగతావి అలాగే ఉన్నాయి.

పాత_కోడర్: ఇది ముందే చెప్పాల్సింది. రెడీమేడ్ స్టోర్లలో చాలావాటికి ఒక్కో సైజు ఒక్కో లెక్క. జాడీ ఒకటేనని వాటికి తెలియదు.

వూ_రమణ: మీ స్టోర్ వూకామర్స్‌తో చేసిందైతే స్టాక్‌ని సైజుల దగ్గర కాకుండా అసలు ప్రొడక్ట్ దగ్గర పెట్టండి, అయిపోతుంది.

పాత_కోడర్: సగమే అవుతుంది రమణగారూ. స్టాక్ ఉమ్మడే అవుతుంది గానీ, కిలో సీసా అమ్మినా ఒకటే తగ్గుతుంది, పావు అమ్మినా ఒకటే. కిలో అమ్మితే నాలుగు పావులు తగ్గించాలంటే వేరే ప్లగిన్ కావాలి.

స్టోర్ మాత్రం తీసేయకండమ్మా. డబ్బు కట్టిన వెంటనే కస్టమర్ ఫోన్ కట్టేసినా ఆర్డర్ నమోదవడం, డబ్బు అందిందన్న కబురు రెండుసార్లొచ్చినా ఒక్కసారే లెక్కేయడం లాంటివన్నీ సొంతంగా రాయిస్తే నెలల పని. జాడీ లెక్క ఒక్కటే బయట పెట్టించండి. ఆర్డర్ రాగానే స్టోర్ ఆ చిన్న ప్రోగ్రాముకు కబురు పంపుతుంది. అది గ్రాములు తీసేసి, మూడు సైజుల స్టాకూ తిరిగి రాస్తుంది. 20 కిలోల్లో ఒకటి పక్కన పెడితే కిలోవి 19, అరవి 38, పావువి 76 కనిపించాలి. ఒక కిలో, రెండు అరలు అమ్ముడైతే 17, 34, 68. లెక్క మారేలోగా ఇంకో ఆర్డర్ పడొచ్చు, పక్కన పెట్టిన కిలో అందుకే.

వూ_రమణ: మూడు సైజులకి ఇంత అవసరమా? కిలో ఒక్కటే అమ్మితే పోలా?

పాత_కోడర్: కొత్తగా కొనేవాళ్ళు పావుతోనే మొదలెడతారు. అది తీసేయడం వ్యాపారానికి దెబ్బ.

పచ్చళ్ళ_ఇల్లు: మరి గోంగూరకీ ఇదే ప్రోగ్రామా, ఇంకోటి రాయించాలా?

కొరియర్_కబుర్లు: గోంగూరకి సీసా మూత కింద సీలు గట్టిగా వేయించండి, నూనె కారితే పార్సిల్ వెనక్కొస్తుంది.

పచ్చళ్ళ_ఇల్లు: సరేనండీ, ప్రోగ్రాము రాసే కుర్రాడిని అడిగి చూస్తా. థాంక్స్.