ఎప్లెరినోన్‌కు మారాక పొటాషియం 5.7: మళ్లీ రోజూ 25 ఎప్పుడు ఇవ్వొచ్చు?

చెన్నైలో ప్రాక్టీసు చేస్తున్న తెలుగు డాక్టర్లు సలహా ఇవ్వగలరా? పేషెంటుకు 64 ఏళ్లు, గుండె పంపింగ్ 30 శాతం, ఈజీఎఫ్ఆర్ 48, రామిప్రిల్ వాడుతున్నారు. స్పైరనోలాక్టోన్ 25 మి.గ్రా. మీద పొటాషియం 4.7 దగ్గర నిలకడగా ఉండేది. రొమ్ము వాచి, చొక్కా రాసుకున్నా నొప్పి అనడంతో ఎప్లెరినోన్ 25కి మార్చాం. ఇది ఆండ్రోజన్ రిసెప్టర్‌ జోలికి దాదాపు పోదు కదా.

వారానికి పరీక్ష చేస్తే పొటాషియం 5.7. శాంపిల్లో రక్తకణాలు చిట్లాయేమోనని మళ్లీ తీయించాం, అంతే వచ్చింది. ఈసీజీ మామూలుగానే ఉంది. గుచ్చిగుచ్చి అడిగితే రెండు సంగతులు బయటపడ్డాయి: ఎండలకని రోజూ రెండు కొబ్బరిబోండాలు, దగ్గుకు వేరేచోట రాసిచ్చిన క్లారిత్రోమైసిన్ 5 రోజులు. అసలు దోషి రెండోదే అనుకుంటున్నాం. అది లివర్లో సీవైపీ3ఏ4 ఎంజైమును అడ్డుకుంటే ఎప్లెరినోన్ రక్తంలో పేరుకుపోతుంది. ఈ రెండూ కలిపి ఇవ్వనే కూడదు.

కోర్సు అయిపోయింది, బోండాలు మానిపించాం, ఎప్లెరినోన్ 25 రోజు విడిచి రోజు చేశాం. ఇప్పుడు 5.1, క్రియాటినిన్ మారలేదు. 5.0 కిందికి దిగాకే రోజూ 25కి వెళ్దామా, లేక కారణం దొరికింది కాబట్టి ఇప్పుడే పెంచొచ్చా? పెంచాక 3వ రోజు, 7వ రోజు పరీక్షలు చాలా?